సీసా మీద అశోకం, సీసాలో ఏముంది?

ఆదివారం పొద్దున్నే పిన్ని వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపింది. ఒకటి విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర కొన్న అశోకారిష్టం అనే ఆయుర్వేద మందు సీసా. మా చెల్లికి నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందంటే ఎవరో చెప్పారట. రెండోది ఒక పాలిథిన్ పొట్లం, అందులో గోధుమరంగు పొడి. గాజువాకలో ఉండే మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకని నాలుగు నెలలుగా వాడుతున్నది అదే. ఫొటోల కింద పిన్ని ప్రశ్న: "ఒరే, నువ్వు ఫార్మసీ చదివావు కదా. ఈ రెండింట్లోనూ ఏటుందో కాస్త చూసి చెప్పు."

సీసా గురించైతే గంటసేపు చెప్పగలను. పొట్లం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేను. అయితే సీసా మీద ఉన్న ప్రతి అక్షరం చదివాక కూడా, లోపల కచ్చితంగా ఏముందో చెప్పగలనా అంటే, చెప్పలేను. లేబుల్ మీద ఉన్న జాబితా "మేం ఇవి వేశాం" అని తయారీదారు ఇచ్చే మాట. "ఇందులో ఇవి ఉన్నాయి" అన్నది వేరే మాట. ఈ రెండింటి మధ్య దూరం ఎక్కడెక్కడ వస్తుందో చూద్దాం.

ముందు తేల్చాల్సింది: ఇది మందా, ఆహారమా?

మూలికల పేరుతో షాపుల్లో కనిపించేవన్నీ ఒకే చట్టం కిందకు రావు. తిప్పతీగ రసం సీసాలు రెండు పక్కపక్కనే ఉండొచ్చు. ఒకదాని మీద 'ఆయుర్వేదిక్ మెడిసిన్' అని, తయారీ లైసెన్సు నంబరు అని ఉంటుంది. లైసెన్సు నంబరుకు ముందు చాలాసార్లు ఎం.ఎల్. అని పొట్టిగా రాస్తారు. అది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద మందు. రెండోదాని మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, దాని కింద 14 అంకెల నంబరు ఉంటాయి. అది ఆహారం. పైన ఎంత ఆకుపచ్చగా అచ్చువేసినా, ముందువైపు కల్వం బొమ్మ పెట్టినా, చట్టం దృష్టిలో అది మందు కాదు. 2022లో 'ఆయుర్వేద ఆహారం' అని ఒక ప్రత్యేక తరగతికి నిబంధనలు వచ్చాక ఈ గందరగోళం ఇంకాస్త పెరిగింది. ఎందుకంటే 'ఆయుర్వేద' అన్న మాట ఇప్పుడు రెండువైపులా న్యాయంగానే ఉంటుంది.

తేడా నంబరుతో ఆగదు. ఆహారపు ప్యాకెట్ మీద దినుసులను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసగా రాస్తారు. ఆయుర్వేద మందు మీద ఒక్కో దినుసు ఎంత వేశారో పరిమాణంతో సహా రాయాలి. కాబట్టి జాబితా తీరు చూసినా అది ఏ గూటి పక్షో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంకో చిన్న విషయం. 'మార్కెటెడ్ బై' అని పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు తయారుచేసినవాళ్లది కాకపోవచ్చు. 'మాన్యుఫాక్చర్డ్ బై' అన్నది వెతకాలి, అది సాధారణంగా అడుగున, ముడతలో ఉంటుంది. లైసెన్సు నంబరు ఆ పేరుకు చెందినది, బొమ్మ వేయించుకున్న పేరుకు కాదు.

పుస్తకపు మందు, కంపెనీ మందు

మందు అని తేలాక, అందులో మళ్లీ రెండు రకాలు. చట్టం మొదటి షెడ్యూలులో కొన్ని ప్రామాణిక గ్రంథాల పేర్లు ఉన్నాయి. చరక సంహిత, భైషజ్య రత్నావళి లాంటివాటితోపాటు మన తెలుగునాట వైద్యులు తరతరాలుగా చేతపట్టుకున్న బసవరాజీయం, వైద్యచింతామణి కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఈ గ్రంథాల్లో చెప్పిన మందు కూర్పును ఉన్నది ఉన్నట్టు చేస్తే అది శాస్త్రీయ మందు. దాని పేరు ఎవరి సొత్తూ కాదు. అశోకారిష్టాన్ని పది కంపెనీలు చేసినా పేరు అశోకారిష్టమే, పక్కన ఏ గ్రంథం ప్రకారం చేశారో ఉంటుంది.

రెండో రకం ప్రొప్రయిటరీ మందు. దినుసులన్నీ ఆ గ్రంథాల్లో ఉన్నవే అయ్యుండాలి, కలిపిన తీరు మాత్రం కంపెనీ సొంతం. దానికి బ్రాండు పేరు ఉంటుంది. లేబుల్ మీద 'ఆయుర్వేదిక్ ప్రొప్రయిటరీ మెడిసిన్' అని ఉంటే ఇదే.

ఈ తేడా మనకెందుకంటే, మొదటి రకానికి జాబితా సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి బయట ఒక పుస్తకం ఉంది. రెండోదానికి లేబుల్ తప్ప వేరే ఆధారం లేదు. అందుకే పిన్ని సీసా అశోకారిష్టం కావడం నాకు కాస్త నయమనిపించింది.

అశోకారిష్టాన్ని లెక్కగట్టి చూస్తే

కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన ఆయుర్వేద ఫార్ములరీలో అశోకారిష్టం లెక్క ఇలా ఉంటుంది. అశోక బెరడు 4.8 కిలోలు. దాన్ని 49 లీటర్ల పైచిలుకు నీళ్లలో వేసి, నాలుగో వంతు మిగిలేదాకా, అంటే 12.288 లీటర్లయ్యేదాకా కాచాలి. వడగట్టి 9.6 కిలోల బెల్లం కలపాలి. పులియడానికి 768 గ్రాముల ధాతకీ పూలు. పైన 12 దినుసులు, ఒక్కోటి 48 గ్రాములు: అజాజి, తుంగముస్తలు, శొంఠి, దారుహరిద్ర, నల్లకలువ, కరక్కాయ, తానికాయ, ఉసిరి, మామిడి జీడి, జీలకర్ర, అడ్డసరం, చందనం. ఈ విచిత్రమైన అంకెలకు కారణం పాత కొలతలు. ఒక పలం అంటే 48 గ్రాములు, వంద పలాలు ఒక తుల, అదే 4.8 కిలోలు.

ఇప్పుడు లేబుల్ మీద కనిపించే వాక్యాన్ని చూడండి. 'ప్రతి 10 మి.లీ. తయారీకి వాడినవి' అని ఉండి, పక్కన అశోకం ఇన్ని గ్రాములు అని ఉంటుంది. పై లెక్కలో కషాయం, బెల్లం కలిశాక అంతా కలిపి సుమారు 18 లీటర్లు అవుతుందనుకుందాం. 4.8 కిలోలను 18 లీటర్లకు పంచితే 10 మిల్లీలీటర్లకు దాదాపు 2.7 గ్రాములు. లేబుల్ మీద ఆ దరిదాపుల్లో అంకె ఉంటే అది అబద్ధం కాదు. కానీ సీసాలో 2.7 గ్రాముల బెరడు లేదు. అంత బెరడును కాచి, పిప్పిని పారేశారు. బెరడు నుంచి నీళ్లలోకి ఎంత సారం దిగిందన్నది ఏ అంకే చెప్పదు. ముదురు చెట్టు బెరడా లేతదా, ఎంతసేపు కాచారు, ఎంత మెత్తగా దంచారు అన్నదాన్నిబట్టి అది మారుతుంది. అంటే జాబితా కుండలోకి పోయిన సరుకు చిట్టా, సీసాలోకి వచ్చిన సరుకు చిట్టా కాదు.

తిరగేసి చూస్తే, సీసాలో ఉండి కుండలో ఎవరూ వేయనిది కూడా ఒకటుంది: ఆల్కహాలు. బెల్లం పులిసి తనంతట తాను పుడుతుంది. అశోకారిష్టంలో సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. లేబుల్ మీద దీన్ని దినుసుల వరసలో కాకుండా విడిగా ఒక మూల రాస్తారు, అందుకే చాలామంది కంటపడదు.

బెల్లం సంగతి కూడా లెక్కేద్దాం. 9.6 కిలోల బెల్లంలో చక్కెర భాగం 8 కిలోల పైనే. లీటరుకు 450 గ్రాములనుకుందాం. 7 శాతం ఆల్కహాలు పుట్టడానికి అందులో ఒక 110 గ్రాములు ఖర్చవుతుంది. మిగిలింది లీటరుకు 340 గ్రాములు. రోజుకు రెండుపూటలా 20 మి.లీ. చొప్పున తాగితే చక్కెర 13, 14 గ్రాములు, అంటే మూడు టీస్పూన్ల దాకా. ఇది నా అంచనా లెక్క, సీసాకూ సీసాకూ మారుతుంది. మా చెల్లికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. షుగర్ ఉన్న పిన్ని కూడా "నాకూ మంచిదేమో" అని ఒక మూత తాగుతానంటే మాత్రం ఈ లెక్క గుర్తుచేయాలి. మూలికల పేర్లన్నీ చదివి సంతోషపడ్డ కన్ను బెల్లం అన్న మాట మీద ఆగదు.

రోడ్డు పక్క అశోకం, అసలు అశోకం

ఇప్పటిదాకా చెప్పిందంతా జాబితా నిజమే అయితే ఉండే సంగతి. అసలు చిక్కు ఇక్కడినుంచి.

ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఎవరినైనా అశోక చెట్టు చూపించమనండి. ప్రహరీగోడ పక్కన నిటారుగా, ఆకులు కిందికి వేలాడుతూ, దీపస్తంభంలా ఉన్న చెట్టును చూపిస్తారు. అది నరమామిడి. వృక్షశాస్త్రం దాన్ని చాలాకాలం పాలియాల్తియా లాంగిఫోలియా అంది, ఇప్పుడు మోనూన్ లాంగిఫోలియం అంటోంది. పుస్తకం చెప్పే అశోకం శరాకా అశోకా. గుబురుగా పెరుగుతుంది, నారింజ-ఎరుపు రంగు పూలు గుత్తులుగా కొమ్మలనంటుకుని పూస్తాయి. రెండూ ఒకే కుటుంబం కూడా కాదు. నరమామిడి సీతాఫలానికి చుట్టం, అశోకం చింతచెట్టుకు చుట్టం.

అసలు అశోకం అడవుల్లో తగ్గిపోయింది, ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని ముప్పులో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోవచ్చు, కొత్తది పెరగడానికి ఏళ్లు పడుతుంది. అశోకారిష్టానికి గిరాకీ మాత్రం తగ్గలేదు. మరి బెరడు ఎక్కణ్ణుంచి వస్తోంది? దక్షిణాది మూలికల మార్కెట్లలో 'అశోక బెరడు' పేరుతో అమ్మే నమూనాలను డీఎన్‌ఏ పరీక్షకు పంపిన పరిశోధకులకు అందులో ఎక్కువభాగం అశోకమే కాదని తేలింది.

ఇందులో అందరూ దొంగలే అనుకోనక్కర్లేదు. అడవిలో బెరడు తీసేవాడు దాన్ని ఒక పేరుతో అమ్ముతాడు, దళారి మూటకట్టి ఇంకో ఊరికి పంపుతాడు, మూడో చేతికి వచ్చేసరికి అది ఎండిన గోధుమరంగు ముక్క. ఆకు లేదు, పువ్వు లేదు. కంపెనీవాడు నిజాయతీగా 'శరాకా అశోకా' అని అచ్చువేసినా, కుండలో పడింది ఇంకేదో కావచ్చు. లేబుల్ అబద్ధమాడుతున్న సంగతి లేబుల్ రాసినవాడికే తెలియదు.

మరి సీసా కొన్నాక కనిపెట్టలేమా? కష్టం. గంటలకొద్దీ కాచి, వారాలపాటు పులియబెట్టాక డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. ఇక రసాయన పరీక్షే దిక్కు. అశోక బెరడులో ముఖ్యంగా ఉండేవి టానిన్లు, కాటెచిన్ లాంటి పదార్థాలు. అవి ఇంకెన్నో చెట్ల బెరళ్లలోనూ ఉంటాయి. 'కాటెచిన్ ఉంది' అని రిపోర్టు వస్తే అది అశోకమని రుజువు కాదు. సన్నటి సిలికా పలక మీద సారాన్ని పాకించి, పడిన చారల వరసను అసలు బెరడు చారలతో పోల్చే హెచ్‌పీటీఎల్‌సీ అనే పద్ధతి ఉంది. వేలిముద్ర చూసినట్టన్నమాట. పచ్చి బెరడు దగ్గర అది బాగా పనిచేస్తుంది. పద్నాలుగు సరుకుల చారలు ఒకదానిమీద ఒకటి పడే అశోకారిష్టంలో అంత తేటగా ఉండదు. పట్టుకోవాల్సిన చోటు సీసా కాదు, గోడౌను గుమ్మం.

అదే జాబితాలో ఉన్న దారుహరిద్రది ఇంకో కథ. ఉత్తరాదిన ఆ పేరుతో బెర్బెరిస్ అరిస్టాటా అనే హిమాలయపు ముళ్లపొద వాడతారు. దక్షిణాదిన చాలాకాలంగా మానుపసుపు వాడుక. అది కోసినియం ఫెనెస్ట్రాటం అనే అడవి తీగ. రెండూ కోస్తే పసుపుపచ్చగానే ఉంటాయి, రెండింటిలోనూ బెర్బెరిన్ అనే పసుపు పదార్థం ఉంది. లేబుల్ మీద 'దారుహరిద్ర' అని మాత్రమే ఉంటే ఏదో తెలియదు. బొటానికల్ పేరు రాయాలన్న నిబంధన సరిగ్గా ఇందుకే. సంస్కృతం పేరు ఒక గుణానికి పెట్టిన పేరు, బొటానికల్ పేరు ఒక్క మొక్కకు పెట్టిన పేరు.

ఇక్కడ వైద్యుల వాదన కూడా వినాలి. ఒక దినుసు దొరకనప్పుడు అదే గుణమున్న ఇంకోటి వేయవచ్చని శాస్త్రమే చెప్పింది, వాటిని ప్రతినిధి ద్రవ్యాలంటారు. దారుహరిద్ర లేకపోతే పసుపు వేసుకోమని భావప్రకాశమనే పాత గ్రంథంలోనే ఉంది. కాబట్టి మార్పంతా కల్తీ కాదంటారు వాళ్లు. ఆ మాటలో న్యాయముంది. మొక్కల శాస్త్రం చదివినవాళ్లు చెప్పేదేమంటే, పసుపు వేస్తే వేయండి, పసుపు అని రాయండి. చట్టం అడిగేది కూడా అదే, ఏం వేశారో ఆ 'నిజమైన జాబితా'. వైద్యుడు తన రోగికి ఎదురుగా కూర్చుని మార్చిస్తే అది చికిత్స. ఫ్యాక్టరీలో చెప్పకుండా మారిస్తే వాడేవాడికి అలర్జీ వచ్చినా, కాలేయం దెబ్బతిన్నా ఏ మొక్కను అనుమానించాలో తెలియదు. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది.

తిప్పతీగ తగాదా

ఈ పేర్ల గొడవ ఎంతదూరం పోతుందో కరోనా తర్వాత చూశాం. రోగనిరోధక శక్తికని ఊరూవాడా తిప్పతీగ తాగారు. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ఒక పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. వాళ్లు వాడినది అసలు తిప్పతీగ, అంటే టినోస్పోరా కార్డిఫోలియానేనా, లేక దాన్నే పోలిన టినోస్పోరా క్రిస్పానా అన్నది తేల్చకుండా ఎలా చెబుతారని అడిగింది. 2022 ఫిబ్రవరిలోనూ, అసలు తిప్పతీగ సురక్షితమే, పోలికున్న జాతులతోనే జాగ్రత్త అని మళ్లీ ప్రకటించింది. కాలేయ వైద్యులేమో తర్వాత మరిన్ని ఆసుపత్రుల నుంచి కేసులు చేర్చి, అసలు మొక్కతోనే కొందరిలో, ముఖ్యంగా శరీరం తన కాలేయం మీదే తిరగబడే స్వభావం ముందే ఉన్నవారిలో, హాని జరుగుతోందని రాశారు.

ఎవరిది పైచేయో నేను తేల్చబోవడం లేదు. కానీ రెండు పక్షాలూ కొట్టుకున్నది ఒకే ప్రశ్న మీద: రోగి మింగింది ఏ మొక్క? పక్కింటి గోడమీద తీగ తెంపి కాచుకున్నవాళ్ల విషయంలో దానికి జవాబు ఉండదు. సీసా కొన్నవాళ్ల విషయంలో బొటానికల్ పేరు, బ్యాచ్ నంబరు ఉంటే వెనక్కి వెళ్లి గోడౌనులో దాచిన నమూనాను తీసి చూసే అవకాశం ఉంటుంది. బ్యాచ్ నంబరు మనకోసం కాదు, ఏదైనా జరిగాక వెతికేవాళ్లకోసం. ఖాళీ సీసా పారేస్తే అదీ పోతుంది.

రాసే ఉంటుంది, మనకే కనబడదు

కొన్నిసార్లు జాబితా నిండుగానే ఉంటుంది, భాష మనది కాదు. 'నాగ భస్మం' అన్నది చదివి పాముతో చేసిందనుకున్నవాళ్లను చూశాను. ఆయుర్వేదంలో నాగం అంటే సీసం. వంగం తగరం, పారదం పాదరసం. మన ముసలివాళ్లు ఇంగిలీకం అనే హింగుళం పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం. హరితాళం, మనశ్శిల రెండూ ఆర్సెనిక్ ఖనిజాలు. ఇవి సరిగ్గా శుద్ధిచేసి, పుటాలు పెట్టి భస్మం చేస్తే హానిలేదని, లోహాలతో, ఖనిజాలతో మందులు చేసే రసశాస్త్ర వైద్యులంటారు. రక్తంలో లోహం కొలిచేవాళ్లు, పుటం సరిగ్గా పడిందో లేదో కొన్నవాడికెలా తెలుస్తుందని అడుగుతారు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించారు. దాదాపు ప్రతి ఐదింటిలో ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. కొన్ని కావాలని లోహం వేసి చేసినవి, కానీ మామూలు మూలికల మందులనుకున్నవాటిలోనూ దొరికింది. ఆ రెండో రకానికి లేబుల్ మీద జాడ ఉండదు. మట్టి నుంచో, నూరిన యంత్రం నుంచో వచ్చినదాన్ని దినుసుగా ఎవరూ రాయరు.

విషద్రవ్యాలుగా చట్టం గుర్తించినవాటికి షెడ్యూల్ ఇ-1 అని వేరే పట్టిక ఉంది. వత్సనాభి, ముషిణి, నల్లజీడి, ఉమ్మెత్త, పాదరసం అందులోనివి. ఇవి ఉన్న మందు కడుపులోకి తీసుకునేదైతే, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలి. తెలుగులో ఉండాలని లేదు, పూర్ణా మార్కెట్‌లో కొనే మనిషికి అది ఎంతవరకు హెచ్చరికో ఆలోచించండి.

ఇంకో పొట్టి మాట 'క్యూ.ఎస్.' మాత్రలు గట్టిపడటానికి, చెడిపోకుండా ఉండటానికి వేసేవాటి పక్కన ఉంటుంది. 'తగినంత' అని అర్థం. మన వంటల పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' లాంటిదే. అలాగే 'శుద్ధ' అన్న విశేషణం. శుద్ధ గుగ్గులు, శుద్ధ వత్సనాభి అని ఉంటే, దాన్ని ఏదో ద్రవంలో నానబెట్టో ఉడికించో శుద్ధిచేశారని. ఆ ద్రవం పాలు కావచ్చు, త్రిఫల కషాయం కావచ్చు, గోమూత్రం కావచ్చు. అది తయారీ పద్ధతిలో భాగం కాబట్టి సాధారణంగా జాబితాలో కనబడదు.

ఇక పొట్లం సంగతి

పెద్దమ్మ పొట్లం మీద పేరు లేదు, నంబరు లేదు, తేదీ లేదు. "అయితే ఇది చట్టవిరుద్ధమే కదా" అంది పిన్ని. అంత తేలిక కాదు. ఆయుర్వేద మందు తయారుచేయడానికి లైసెన్సు కావాలి కానీ, అమ్మడానికి ఇంగ్లీషు మందుల షాపుకు కావాల్సినట్టు అమ్మకపు లైసెన్సు అక్కర్లేదు. అలాగే ఒక వైద్యుడు తన సొంత రోగులకోసం తానే నూరి ఇచ్చే మందుకు తయారీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి లేబుల్ లేని పొట్లమంతా దొంగసరుకు కాదు. తేడా ఎక్కడంటే, నాడి పట్టుకుని చూసిన వైద్యుడిచ్చిందా, సంతలో వరసగా పేర్చి ప్రతి ఒక్కరికీ అదే ఇచ్చారా అన్నది. పెద్దమ్మది సంత సరుకు.

"వాడిన ఎన్నాళ్లకు తగ్గింది?" అని అడిగాను. "రెండోరోజుకే లేచి తిరిగింది, నీకు తెలుసు కదా, మెట్లెక్కలేకపోయేది" అంది పిన్ని. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. అరిగిన మోకాలికి మూలికలతో గుణం కనిపిస్తే వారాలు పడుతుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే ముందు గుర్తొచ్చేవి డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, లేదా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. చవకైనవి, మిల్లీగ్రాముల్లో సరిపోతాయి, గోధుమరంగు పొడిలో నూరి కలిపితే కంటికీ నాలుకకూ దొరకవు.

తర్వాతి ప్రశ్నలకు జవాబులు కూడా అటే నడిచాయి. ముఖం గుండ్రంగా ఉబ్బింది, "ఒళ్లు చేసింది" అని అందరూ మెచ్చుకున్నారట. చేతుల మీద చిన్న దెబ్బకే కమిలిపోతోంది. ఎప్పుడూ లేనిది షుగర్ 240 వచ్చింది. వారం క్రితం పొట్లం అయిపోయి, కొత్తది రావడం ఆలస్యమైన మూడురోజులూ వాంతులు, లేవలేనంత నీరసం, కళ్లు తిరగడం. మళ్లీ పొడి వేసుకోగానే తేరుకుంది, దాంతో ఆ మందు మీద నమ్మకం ఇంకా పెరిగింది.

ఆ మూడురోజుల సంగతే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. బయటినుంచి నెలలపాటు స్టెరాయిడ్ వస్తుంటే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు తాము చేయాల్సిన కార్టిసాల్ అనే హార్మోను చేయడం మానేస్తాయి. పొడి ఒక్కసారిగా ఆపితే శరీరంలో అదీ ఉండదు, ఇదీ ఉండదు. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే "వెంటనే పారేయండి" అని ఫోనులో చెప్పలేదు. పొట్లంతో సహా ఆ సాయంత్రమే ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్లమన్నాను.

పొడిని ల్యాబుకు పంపితే సరిపోదా అని పిన్ని అనుమానం. పంపవచ్చు, కానీ ఇక్కడా ఒక తిరకాసుంది. మామూలు పరీక్ష తాను వెతికే మందునే కనిపెడుతుంది. ప్రెడ్నిసొలోన్ కోసం చూస్తే బీటామెథాసోన్ తప్పించుకోవచ్చు. బరువునుబట్టి అణువులను విడదీసి చూసే పెద్ద యంత్రాలు చాలావాటిని ఒకేసారి పట్టుకుంటాయి, వాటికి ఖర్చూ సమయమూ కావాలి. పైగా ఈ నెల పొట్లంలో ఉన్నదే పోయిన నెల పొట్లంలో ఉందని నమ్మకం లేదు. బ్యాచ్ అనేదే లేనప్పుడు ఒక పొట్లం రిపోర్టు ఆ ఒక్క పొట్లానికే.

డాక్టరు పొడి జోలికి పోకుండా పెద్దమ్మ రక్తం తీయించారు, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, కార్టిసాల్ కోసం. ఆ వేళకు అది బాగా ఎక్కువగా ఉండాలి. లోపల గ్రంథి పడుకుని ఉంటే తక్కువ వస్తుంది. పొడిలో ఉన్నది ప్రెడ్నిసొలోన్ అయితే కొన్ని పరీక్షలు దాన్నే కార్టిసాల్ అనుకుని అంకె పెంచి చూపిస్తాయి, డెక్సామెథాసోన్ అయితే అలా కనబడదు. పెద్దమ్మది దాదాపు అడుగంటింది. పొడి మాన్పించి, దాని స్థానంలో కొలత తెలిసిన హైడ్రోకార్టిసోన్ మాత్రలు పెట్టారు. వాటిని నెలలమీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారట. ఆ మాత్రల అట్ట మీద పేరు, మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉన్నాయి. "ఇన్ని ఇంగిలీషు అక్షరాలున్న మందు నాకెందుకురా, వేడి చేస్తది" అని పెద్దమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.